ఆరు మిల్లీమీటర్ల మెట్టు

ముప్పై ఒక్క ఏళ్ళు ఇనుముకి బెజ్జాలు కొట్టే ప్రెస్సు పక్కన నిలబడ్డ మనిషికి చెవులు పోవాలి. బైరాగికి పోయాయో లేదో చెప్పడం కష్టం. ఇంట్లో జగ్గమ్మ పది కేకలు వేసినా పలకడు. అదే మనిషి, కార్ఖానా బయట టీ దుకాణంలో కూర్చుని, లోపల ప్రెస్సు చేసే చప్పుడు విని, ప్లేటు సరిగా ఆనలేదని మట్టిగ్లాసు పడేసి పరిగెత్తుతాడు. పెళ్ళాం మాట వినబడని రోగానికి మందు ఉండదని జగ్గమ్మ లిలువా గల్లీ అంతా చాటింది. బైరాగి దానికీ పలకలేదు.

ఆ కార్ఖానా హౌరా పక్కన, లిలువా రైలు గేటుకి అవతల ఉంది. రేకుల షెడ్డు, పన్నెండుమంది పనివాళ్ళు, ఒక అరవై టన్నుల హైడ్రాలిక్ ప్రెస్సు. కలకత్తా న్యూ టౌన్ రోడ్ల మీద వేసే దీపస్తంభాలకు అడుగున బిగించే ఇనుప ప్లేట్లు అక్కడ తయారవుతాయి. పది మిల్లీమీటర్ల మందం ప్లేటు, నాలుగు మూలలా ఇరవైరెండు మిల్లీమీటర్ల బెజ్జాలు నాలుగు. ప్రెస్సుకు కట్టిన, బెజ్జం కొట్టే నాలుగు ఉక్కు పంచ్‌లు దిగుతాయి, నాలుగు గుండ్రటి బిళ్ళలు కింద డబ్బాలో రాలుతాయి. ఒక్క దెబ్బకి నాలుగు బెజ్జాలు. కానీ చెవి పెట్టి వింటే అది ఒక్క దెబ్బ కాదు. ధడ్, ధడ్ అని రెండు చప్పుళ్ళు, వెంట వెంటనే. ఆ రెండు చప్పుళ్ళూ బైరాగి కొడుకు జగన్మోహన్ పెట్టినవి.

జగన్మోహన్ పోయి రెండేళ్ళు. డెంగీ జ్వరం, ఆరు రోజులు, అంతే. అప్పటిదాకా టూల్ రూములో గ్రైండర్ మీద పనిచేసింది అతనే. అతను పోయిన మూడో నెలలో కోడలు భాను వచ్చి, ఆ పని నేను నేర్చుకుంటాను మావయ్యా అంది. ఆడమనిషి గ్రైండర్ పట్టుకోవడం ఏమిటని యజమాని లలిత్‌దా గొణిగాడు. లలిత్‌దా మంచివాడే, కోపం మాత్రం ముక్కు మీద ఉంటుంది. ఏడాది తిరిగేసరికి భాను పదును పెట్టిన పంచ్ మీద గోరు ఆనిస్తే గోరు లేచి వస్తుందని చుట్టుపక్కల కార్ఖానాల వాళ్ళు కూడా చెప్పుకోవడం మొదలుపెట్టారు. అయినా చిన్న తప్పు జరిగితే చాలు, తన మాటే నిజమైందని అనడానికి లలిత్‌దా కాచుకుని ఉంటాడని బైరాగి భయం.

బైరాగి అసలు భయం అది కూడా కాదు. ఆదివారం పొద్దున షాలిమార్ స్టేషనులో భాను అన్న పెద్దిరాజు దిగుతున్నాడు. సోంపేట నుంచి చెల్లెల్ని తీసుకుపోవడానికి వస్తున్నాడు. ఫోనులో అతను అన్న మాట ఒకటి జగ్గమ్మ చెవిన పడింది, ఆవిడ తెచ్చి మొగుడి చెవిన వేసింది. ఆ ఇంట్లో నీ మొగుడి పేరు కూడా ఎత్తరు, నువ్వక్కడ ఎవరివని ఉంటావు అన్నాడట.

ఆ మాట నిజం. కొడుకు పోయిన రోజు నుంచి బైరాగి నోట జగన్ అనే పేరు రాలేదు. రానివ్వలేదు అనడం న్యాయం. ఎవరన్నా ఎత్తితే లేచి బయటికి పోయేవాడు. మొగుణ్ణి చూసి జగ్గమ్మ మానేసింది, వాళ్ళిద్దర్నీ చూసి భాను మానేసింది. గోడమీద పటం మాత్రం ఉంది. ముగ్గురూ దానికి పూలు మార్చేవాళ్ళు, దాని గురించి మాట్లాడేవాళ్ళు కాదు. పిల్ల ఉండిపోతే బాగుండునని బైరాగికి ప్రాణం కొట్టుకునేది. అడగడానికి మాత్రం నోరు పెగలలేదు. ఏ హక్కుతో అడుగుతాడు పాపం, వెళ్ళి ఇంకో బతుకు చూసుకోవలసిన వయసు పిల్లది.

ఇంతలో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు హౌరాలో ఏ యంత్రమూ తిరగదు, ఆకాశం నిండా గాలిపటాలే. ముందు రెండు రోజులూ యంత్రాలు కడుగుతారు, తుడుస్తారు, నూనె రాస్తారు. పనిముట్లన్నీ తీసి, మెరిసేలా చేసి, దేవుడి ముందు ఎర్రగుడ్డ మీద వరసగా పెడతారు. ప్రెస్సు పంచ్‌లు నాలుగూ ఊడదీసి టూల్ రూములో పెట్టమని ఎవరో కుర్రాడితో పంపించి, బైరాగి పందిరి పనిలో పడ్డాడు. పూజ నాడు చూస్తే ఆ నాలుగూ ఎర్రగుడ్డ మీద అద్దాల్లా నిలబడి ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో కుంకుమ బొట్టు. లలిత్‌దా కూడా ఆగి చూసి, భాలో, బాగుంది అన్నాడు. బైరాగికి గర్వంతో ఛాతీ పొంగింది. ఆ పొంగులో చూడాల్సింది చూడలేదు.

మర్నాడు శుక్రవారం పొద్దున పంచ్‌లు బిగించి, మొదటి ప్లేటు పెట్టి, లీవరు లాగాడు. ప్రెస్సు దిగింది, ప్లేటును తాకింది, మూలిగింది. మీటరు ముల్లు నలభై దాటింది, యాభై దాటింది, అరవై దగ్గర ఆగిపోయింది. చప్పుడు లేదు. ఒత్తిడి అరవై దాటకుండా కాచే రిలీఫ్ వాల్వు తెరుచుకుని నూనె సుయ్యిమంటూ వెనక్కి పోయింది, అంతే. పైకెత్తి మళ్ళీ దించాడు. మళ్ళీ అదే.

లలిత్‌దా వచ్చాడు. కొత్త లాటు ప్లేట్లు గట్టివి పంపారని ముందు ప్లేట్లవాణ్ణి తిట్టాడు. పాత లాటు ప్లేటు పెట్టి చూశారు, అదీ తెగలేదు. అయితే పంపు పోయిందన్నాడు. మెకానిక్కుకి ఫోను చేస్తే, వాడెక్కడో బస్సులో ఉండి, రిలీఫ్ వాల్వు స్క్రూ రెండు చుట్లు బిగించండి, ఇంకా గట్టిగా తోస్తుంది అన్నాడు. సోమవారం లారీకి నాలుగువందల ప్లేట్లు ఎక్కాలి. లలిత్‌దా పానా తెమ్మని కేకేశాడు.

అందరూ పానా వెతుకుతుంటే బైరాగి ప్లేటును చేతుల్లోకి తీసుకున్నాడు. నాలుగు మూలలా నాలుగు గుండ్రటి గాట్లు, గోరు పట్టేంత లోతు. బొటనవేలితో ఒక్కోదాన్నీ తడిమాడు. నాలుగూ ఒకే లోతు.

ముందు పడాల్సినవి రెండే గాట్లు. ఆ పంచ్‌లలో రెండు పొడుగు, రెండు పొట్టి, తేడా ఆరు మిల్లీమీటర్లు. పొడుగువి రెండూ ముందు దిగి పని ముగించాక పొట్టివి రెండూ దిగుతాయి. నాలుగూ ఒకేసారి ఆనాయంటే నాలుగూ ఒకే ఎత్తున ఉన్నట్టు. ఒకే ఎత్తున ఉన్నాయంటే వాటినెవరో అరగదీసినట్టు. ఆ షెడ్డులో గ్రైండర్ మీద చెయ్యి వేసేది ఒక్కరే.

టూల్ రూము వైపు చూశాడు. భాను గుమ్మంలో నిలబడి ఉంది, ప్రెస్సు ఎందుకు ఆగిందో తెలియక.

ఎలా జరిగిందో అతనికి అప్పుడే బోధపడింది. భాను గ్రైండర్ పట్టినప్పటి నుంచీ పదునుకి పంచ్‌లు జతలుగానే పంపేవాడు. ఈ వారం పొడుగు జత, పై వారం పొట్టి జత. నాలుగూ ఒక్కసారి ఆ పిల్ల కంటపడితే ఈ మెట్టు ఎందుకు మావయ్యా అని అడుగుతుంది. అడిగితే ఎవరు పెట్టారో చెప్పాలి. చెప్పకుండా ఉండటానికే ఇన్నాళ్ళూ జతలుగా పంపాడు, పోయినేడు పూజకి కూడా ఒక జతే తీయించాడు. మొన్న పూజ హడావిడిలో నాలుగూ ఒక్కసారి పోయాయి. హెచ్చుతగ్గులుగా ఉంటే దేవుడి ముందు మావయ్య యంత్రానికి నామర్దా అనుకుని, పిచ్చిపిల్ల, పొడుగువాటిని పొట్టివాటితో సమం చేసింది. గట్టిపరిచిన ఉక్కులో ఆరు మిల్లీమీటర్లు తియ్యడమంటే మాటలు కాదు. ఒక్కోసారికి వెంట్రుక మందం కూడా రాదు. రెండు రోజులు తల ఎత్తకుండా చేసి ఉంటుంది.

పానా దొరికింది. లలిత్‌దా వాల్వు దగ్గరికి వంగాడు. నోరు మూసుకుంటే భాను తప్పు బయటపడదు, నేరం పంపు మీదో ప్లేట్ల మీదో పోతుంది. కానీ ఆ ప్రెస్సు ఫ్రేము అరవై టన్నులకే కట్టింది. అంతకు మించి తోస్తే అది ఎక్కడ చీలుతుందో, దాని ముందు ఎవరు నిలబడి ఉంటారో ఎవరు చెప్పగలరు? బైరాగి వెళ్ళి లలిత్‌దా చెయ్యి పట్టుకున్నాడు. పంపు బాగానే ఉంది దాదా, పంచ్‌లు సమంగా అరిగిపోయాయి, తప్పు నాది, చూసుకోకుండా బిగించేశాను అన్నాడు.

లలిత్‌దా అతన్ని ఎగాదిగా చూశాడు. పూజకి ముందు బాగున్నవి పూజలో ఎలా అరిగాయని అడిగాడు. బైరాగికి అబద్ధం చెప్పడం ఎప్పుడూ చేతకాదు.

భాను వచ్చి మధ్యలో నిలబడింది. నేనే అరగదీశాను, పదునుకి పంపడంలో మావయ్య బద్ధకించి పొడుగు పొట్టి అయ్యాయనుకున్నాను అని లలిత్‌దాకి బెంగాలీలో చెప్పింది. తర్వాత మావగారి వైపు తిరిగింది.

"ఏటి తప్పు సేసేను మావయ్యా? సమంగా ఉంటే ఎందుకు తెగదు? నాకెవులూ సెప్పనేదు."

ఆ చివరి మాటలో కోపం లేదు, నిష్ఠూరమూ లేదు. ఉన్న సంగతి చెప్పింది. బైరాగికి అదే తగలరాని చోట తగిలింది. అందరూ బైరాగి వైపు చూస్తున్నారు.

అతను జేబులోంచి సుద్దముక్క తీశాడు. ప్రెస్సు బల్ల మీద ఒక గుండ్రం గీశాడు.

పంచ్ దిగినప్పుడు తెగేది ఈ గుండ్రం లోపలి మేర కాదమ్మా అని మొదలుపెట్టాడు. తెగేది చుట్టూ ఉన్న అంచు, పైనుంచి కింది దాకా, ప్లేటు మందమంతా. డబ్బాలోంచి పాత బిళ్ళ ఒకటి తీసి, దాని పక్క గోడ చుట్టూ వేలు తిప్పి చూపించాడు. ఇరవైరెండు మిల్లీమీటర్ల గుండ్రానికి చుట్టుకొలత అరవైతొమ్మిది. మందం పది. గుణిస్తే ఆరువందల తొంభై చదరపు మిల్లీమీటర్లు. ఈ మెత్త ఇనుము చదరపు మిల్లీమీటరుకి ముప్పై అయిదు కిలోల ఒత్తిడి దాకా ఓర్చుకుంటుంది, ఆ పైన తెగుతుంది. ఆరువందల తొంభైని ముప్పై అయిదుతో గుణించు అన్నాడు.

భాను పెదవులు కదిలాయి. "ఇరవైనాలుగు వేల నూటయాభై. ఇరవైనాలుగు టన్నులు."

"ఒక బెజ్జానికి."

"నాలుగిటికీ తొంభై ఆరు." భాను మీటరు వైపు చూసింది. "మన ప్రెస్సు అరవై."

ఇందాక నాలుగూ కలిసి ఆ అరవైని పంచుకున్నాయని బైరాగి చెప్పాడు. పంచుకుంటే చదరపు మిల్లీమీటరుకి ఇరవై రెండు కిలోలు కూడా పడదు. ముప్పై అయిదు కావాల్సిన చోట ఇరవై రెండు పడితే ఇనుము నొచ్చుకుంటుంది గానీ తెగదు. అందుకే ఈ గాట్లు. అదే రెండు ముందు, రెండు వెనక అయితే ఒకసారికి నలభై ఎనిమిది టన్నులు. మొత్తం పని తగ్గదు, ఒక్కసారిగా పడే బరువు సగమవుతుంది.

భాను సుద్ద గీతల్ని చూస్తూ నిలబడింది. లలిత్‌దా గడియారం చూసుకుంటున్నాడు, అయినా కదల్లేదు.

"ప్లేటు పది మిల్లీమీటర్లు గదా మావయ్యా. మెట్టు ఆరే ఉన్నాది. ముందువి ఆరు దిగీసరికి, ఎనకవి కూడా అందుకుంటాయి గదా. మళ్ళీ నాలుగూ కలిసిపోవా?"

బైరాగి తలెత్తి కోడల్ని చూశాడు. అయిదేళ్ళ కిందట ఇదే బల్ల దగ్గర ఈ ప్రశ్నే తను అడిగాడు. అప్పుడు జవాబు చెప్పినవాడు ఇప్పుడు లేడు. బయటికి పోదామని కాళ్ళు గుమ్మం వైపు లాగాయి. పోలేదు. ఇప్పుడు పోతే ఈ పిల్లకి ఇంక ఎప్పుడూ చెప్పలేనని తెలిసింది.

"జగన్ సెప్పినాడు," అన్నాడు.

షెడ్డులో తెలుగు తెలిసినవాళ్ళు నలుగురే. తెలియనివాళ్ళకి కూడా ఆ పేరు తెలుసు.

"ఈ మెట్టు మన జగన్ పెట్టినాడమ్మా. అంతకుముందు రెండేసి బెజ్జాలు కొట్టి, ప్లేటు తిప్పి, మళ్ళీ రెండు కొట్టీవోళ్ళం. ఆడే లెక్కేసి, రెండు పంచ్‌లు పొట్టి సేసి బిగించినాడు. నువ్వడిగినట్టే నేనూ అడిగినాను. ఆడు బిళ్ళ తీసి సూపించినాడు." బైరాగి చేతిలోని బిళ్ళని వెలుతురుకి పట్టాడు. "సూడు. అంచు మీద ఒక పక్క నున్నగా మెరుస్తున్నాది గదా. మూడో వంతు. అంతే పంచ్ కోసింది. మిగతా అంతా గరుగ్గా ఉన్నాది. అది పంచ్ కొయ్యనేదు, మూడో వంతు దిగీసరికి దానంతటదే సీలిపోనాది. నాన్నా, పది దిగక్కర్నేదు, నాలుగు దిగితే సాలు, ఆరు మెట్టు ఎక్కువే అన్నాడు." బిళ్ళ కిందికి దించాడు. "నీకు ముందే సెప్పాల. ఆడి పేరు ఎత్తనేక, నీకు సెప్పనేదు. జతలు జతలుగా పంపి దాసీసినాను. తప్పు నాది. నీది కాదు."

భాను ఆ బిళ్ళని అతని చేతిలోంచి తీసుకుంది. నున్నటి పట్టీ మీద బొటనవేలు ఉంచి చాలాసేపు తిప్పింది. ఏడవలేదు. కళ్ళు మాత్రం నిండాయి, కొంగుతో కాక చేతి వెనకతో తుడుచుకుంది, చేతులకి నూనె ఉంది కనక.

లలిత్‌దాకి సగమే అర్థమైంది. ఆ సగం అతనికి సరిపోయింది. గొంతు సవరించుకుని, ఇప్పుడేం చెయ్యాలని అడిగాడు, బైరాగిని కాదు, భానుని. ఏ రెండైనా ఇంకో ఆరు పొట్టి చేస్తే మెట్టు మళ్ళీ వస్తుందని, ప్రెస్సు ఇంకాస్త కిందికి దిగితే చాలని, రేపు మధ్యాహ్నానికి ఇస్తానని భాను చెప్పింది. లలిత్‌దా పానా బల్ల మీద పడేసి, ఇకమీదట పంచ్‌ల లెక్క నీ దగ్గరే ఉండాలి, ఈ ముసలాణ్ణి నమ్మకు అన్నాడు. అతని దగ్గర్నుంచి అంతకన్నా మంచి మాట వచ్చిన రోజు ఆ షెడ్డులో ఎవరికీ గుర్తు లేదు.

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకి పంచ్‌లు వచ్చాయి. రెండు పొడుగు, రెండు పొట్టి. కుంకుమ బొట్లు మళ్ళీ పెట్టి తెచ్చింది. పొడుగువి ఎదురెదురు మూలల్లో రావాలి, బరువు ఒక పక్కకి ఒరగకుండా అని బైరాగి చెప్పబోతుంటే, తనే అలా బిగించేసింది. లీవరు నువ్వే లాగు అన్నాడు అతను. భాను లాగింది. ముల్లు నలభై దాటి యాభై దగ్గరికి పోతుండగా ధడ్ మంది. ముల్లు పడి, మళ్ళీ లేచింది. ధడ్. నాలుగు బిళ్ళలు డబ్బాలో గలగలా రాలాయి.

భాను లీవరు వదలకుండా వింటూ నిలబడింది. ఈ చప్పుడు ఆమె రోజూ విన్నదే. దాన్ని ఎవరు పెట్టారో తెలిశాక వినడం ఇదే మొదలు.

ఆదివారం పెద్దిరాజు దిగాడు. సంచిలో జీడిపప్పు, జేబులో వెనక్కి రెండు టిక్కెట్లు. జగ్గమ్మ చేపల పులుసు పెట్టింది. అన్నం దగ్గర ఎవరూ టిక్కెట్ల ఊసు ఎత్తలేదు, అందరూ దాని గురించే ఆలోచిస్తున్నారు. పెద్దిరాజు పటం వైపు చూసి, చెల్లెలి వైపు చూసి, బావ ఉన్న రోజుల్లో అని మొదలుపెట్టి, అలవాటుగా బైరాగి లేచిపోతాడని నాలిక కరుచుకున్నాడు.

బైరాగి లేవలేదు. పులుసు కలుపుకుంటూ, మీ బావ ఈ చేపలో ముళ్ళు తియ్యడం ఎప్పుడూ రాని మనిషి అన్నాడు. ప్లేటుకి ఎన్ని టన్నులు పడతాయో నోటి లెక్క చెబుతాడు గానీ, పెళ్ళయ్యేదాకా అమ్మ ముల్లు తీసి పెట్టాల్సిందే. జగ్గమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. రెండేళ్ళ తర్వాత ఆ ఇంట్లో ఆ మాట. ఆవిడ నవ్వబోయింది, ఏడ్చింది, కొంగు నోట్లో కుక్కుకుని, పెళ్ళయ్యాక కూడా తియ్యలేదు వాడు, భాను తీసి పెట్టేది, నాకు తెలీదనుకున్నారు అంది.

భాను నవ్వేసింది. నవ్వుతూనే అన్న పళ్ళెంలో ఇంకో ముక్క వేసి, రెండో టిక్కెట్టు వాపసు ఇచ్చెయ్యి అన్నయ్యా, రేపు పొద్దున నాలుగువందల ప్లేట్లు లారీకి ఎక్కించాలి, పంచ్‌లు నేనే చూసుకోవాలి అంది. ఇంక ఇంటికి ఎప్పుడొస్తావని పెద్దిరాజు అడిగాడు. ఇంట్లోనే ఉన్నాను కదా అంది భాను. పెద్దిరాజు జేబు తడుముకుని అన్నం తినడంలో పడ్డాడు.

భాను మంచినీళ్ళ గ్లాసు మావగారి ముందుకి జరిపి, మోకాళ్ళు ముడుచుకుని ఎదురుగా కూర్చుంది.

"ఇంకా సెప్పు మావయ్యా," అంది. "సిన్నప్పుడు ఎలాగుండీవోడు?"